నవ్వితే పడాల్సిన సొట్ట నవ్వకపోయినా కనిపిస్తే? డింపుల్ సర్జరీలో ‘శాశ్వతం’ అంటే ఏమిటి

సొట్టబుగ్గలను సర్జరీతో తెచ్చుకోవచ్చన్న సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. ముఖం మీద కోత ఉండదు, ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదు, గంటలోపే పని అయిపోతుంది. ఫలితం శాశ్వతమని కూడా ప్రకటనల్లో కనిపిస్తుంది. అయితే, చేయించుకున్న తర్వాత కొందరికి అద్దం ముందు ఒక అనుమానం మొదలవుతుంది. నవ్వినప్పుడు సొట్ట బాగానే ఉంది, కానీ నవ్వు ఆపినా అది పోవడం లేదు. ఏమీ మాట్లాడకుండా కూర్చున్నప్పుడు బుగ్గ మీద చిన్న గుంట, దెబ్బ తగిలిన గుర్తులాగో పాత మొటిమ మచ్చలాగో కనిపిస్తోంది.

ఇది కొన్నాళ్లు ఉండి పోయేదేనా, లేక అలాగే ఉండిపోతుందా? దీనికి జవాబు తెలియాలంటే పుట్టుకతో వచ్చే సొట్టకూ, కుట్టుతో వచ్చే సొట్టకూ మధ్య తేడా ఏమిటో చూడాలి.

పుట్టుకతో వచ్చే సొట్ట ఎలా పడుతుంది?

చెంప ఎముక దగ్గర మొదలై పెదవి మూల దాకా వచ్చే కండరం ఒకటుంది. దాని పేరు జైగోమేటికస్ మేజర్. నవ్వినప్పుడు పెదవి మూలను పైకీ, వెనక్కీ లాగేది ఇదే. ఎక్కువమందిలో ఇది ఒకే పట్టీలా ఉంటుంది. కొందరిలో మాత్రం మధ్యలో రెండు పాయలుగా చీలుతుంది. 1998లో ప్రచురితమైన ఒక శరీర నిర్మాణ అధ్యయనంలో 50 సగం ముఖాలను పరిశీలిస్తే, దాదాపు మూడో వంతులో ఈ చీలిక కనిపించింది.

ఇలా చీలిన కండరం నుంచి కొన్ని పోగులు చర్మం లోపలి పొరకు అతుక్కుని ఉంటే, నవ్వినప్పుడు ఆ చోట చర్మం లోపలికి లాగబడుతుంది. చుట్టూ ఉన్న బుగ్గ పైకి లేస్తుంది, అతుక్కున్న చోటు మాత్రం లేవదు. మనం సొట్ట అనేది ఈ తేడానే. నవ్వు ఆగగానే కండరం వదులవుతుంది, లాగే శక్తి పోతుంది, చర్మం మళ్లీ సమంగా పరుచుకుంటుంది. అంటే సహజమైన సొట్ట బుగ్గలో ఉండే గుంట కాదు, బుగ్గ కదిలినప్పుడు మాత్రమే పడే గుంట.

సర్జన్ చేసేది ఏమిటి?

సర్జరీలో ఎవరూ కండరాన్ని రెండుగా చీల్చరు. చర్మాన్ని లోపలి కండరానికి ఒక చోట అతికిస్తారు, అంతే. అది కూడా జైగోమేటికస్‌కు కాదు. బుగ్గ గోడలా ఉండే బక్సినేటర్ అనే మరో కండరానికి. మనం బూర ఊదినప్పుడు, అన్నం నమిలినప్పుడు పనిచేసే కండరం ఇది.

ముందుగా చోటు గుర్తిస్తారు. సింగపూర్ సర్జన్ ఖూ బూ-చాయ్ 1962లో రాసిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. కంటి బయటి మూల నుంచి నిలువుగా కిందికి ఒక గీత, పెదవి మూల నుంచి అడ్డంగా ఒక గీత ఊహించుకుంటే, ఆ రెండూ కలిసే చోటు సొట్టకు తగినదన్నది ఆ లెక్క. బుగ్గలను లోపలికి పీల్చమని చెప్పి, ఎక్కడ ఎక్కువ లోతు పడుతుందో చూసి కూడా సరిచూస్తారు. ఈ గుర్తు పెట్టాల్సింది మనిషి కూర్చుని ఉన్నప్పుడు, మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందు. పడుకుంటే బుగ్గ వెనక్కి జారుతుంది, ఇంజెక్షన్ ఇస్తే ఉబ్బుతుంది. రెండు సందర్భాల్లోనూ గుర్తు చోటు తప్పే అవకాశం ఉంది.

తర్వాత పని అంతా నోటి లోపలి నుంచే సాగుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి పంచ్‌తో లోపలి పొరను, దాని వెనుక ఉన్న కాస్త కొవ్వును, బక్సినేటర్ కండరంలో చిన్న ముక్కను తీస్తారు. బయటి చర్మాన్ని ముట్టుకోరు. ఆ రంధ్రం గుండా సూదిని పోనిచ్చి, కండరం ఒక అంచునూ, చర్మం లోపలి పొరనూ, కండరం రెండో అంచునూ కలిపి ముడి వేస్తారు. ముడి బిగించగానే చర్మం లోపలికి లాగబడి గుంట పడుతుంది.

కానీ సొట్టను చివరిదాకా నిలబెట్టేది దారం కాదు. కండరం తీసిన చోట పుండు మానుతూ మచ్చ కణజాలం ఏర్పడుతుంది. అది చర్మాన్నీ కండరాన్నీ అతికి పట్టుకుంటుంది. ఆ అతుకు గట్టిపడేదాకా రెండింటినీ దగ్గరగా ఉంచడమే దారం పని.

మొదటి వారాల్లో గుంట కనిపించడం మామూలే

సర్జరీ అయిన వెంటనే దారం బిగువుగా ఉంటుంది, బుగ్గలో వాపు ఉంటుంది. అందుకే నవ్వినా నవ్వకపోయినా సొట్ట కనిపిస్తుంది. ఇది తప్పేమీ కాదు. కరిగిపోయే దారాల్లో ఎక్కువగా వాడే పాలీగ్లాక్టిన్ రకం మూడు నాలుగు వారాల్లో పట్టు కోల్పోతుంది, రెండు, రెండున్నర నెలల్లో కరిగిపోతుంది. ఆలోగా ఏర్పడిన అతుకు మెల్లగా మెత్తబడి కాస్త సాగుతుంది. అలా సాగినప్పుడు, నవ్వనంతసేపూ చర్మం సమంగా ఉండటానికి చాలినంత వదులు దొరుకుతుంది. నవ్వినప్పుడు బుగ్గ పైకి కదిలి ఆ వదులు అయిపోతుంది, అప్పుడు సొట్ట పడుతుంది.

తాడుతో కట్టిన దూడను తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గుంజ దగ్గర నిలబడి ఉన్నంతసేపూ తాడు వేలాడుతుంది, దూరం వెళ్లబోతేనే బిగుస్తుంది. మంచి ఫలితంలో అతుకు ఆ తాడులా ఉంటుంది. తాడు మరీ పొట్టిదైతే మెడ ఎప్పుడూ వంగే ఉంటుంది.

ఒక ఉదాహరణ

రెండు బుగ్గలకూ ఒకేరోజు సర్జరీ చేయించుకున్న 24 ఏళ్ల యువతిని ఊహించుకుందాం. పదో రోజున రెండు గుంటలూ స్పష్టంగా ఉన్నాయి. ఎనిమిదో వారానికి కుడి బుగ్గ మీది గుంట నవ్వితేనే కనిపిస్తోంది. ఎడమ వైపుది మాత్రం నాలుగో నెలలోనూ పోలేదు. తల మీద లైటు ఉన్న గదిలో తీసిన ఫొటోల్లో అది నల్లటి చుక్కలా పడుతోంది. లైటు పైనుంచి పడితే ఎంత చిన్న గుంటలోనైనా నీడ నిలుస్తుంది కాబట్టి అలా కనిపిస్తుంది.

ఆమెను పరీక్షించే డాక్టర్ చూసేవి ముఖ్యంగా రెండు. మొదట, సొట్ట దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదుపుతారు. కుడి వైపు చర్మం లోపలి కండరం మీద జారుతుంది, ఎడమ వైపు జారదు. తర్వాత నోరు మూసి బుగ్గల్లో గాలి నింపమంటారు. కుడి వైపు గుంట నిండిపోతుంది, ఎడమ వైపు అలాగే నిలుస్తుంది. ఈ రెండూ ఒకే విషయం చెబుతున్నాయి. ఎడమ వైపు అతుకులో వదులు లేదు.

ఇలా కావడానికి కారణాలు పలు రకాలు. ముడి ఎక్కువ బిగించి ఉండొచ్చు. కండరం అవసరానికి మించి తీసి ఉంటే మచ్చ పెద్దదై బిగుసుకుంటుంది. నైలాన్ లాంటి కరగని దారం వాడి ఉంటే అది వదలకుండా పట్టి ఉంచవచ్చు. నోట్లో బ్యాక్టీరియా ఎక్కువ కాబట్టి లోపల ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినా మచ్చ గట్టిపడుతుంది. బుగ్గ పలుచగా ఉన్నవారిలో గుంటను కప్పేంత కొవ్వు ఉండదు కనుక, కొద్దిపాటి లాగుడు కూడా బయటికి కనిపిస్తుంది.

ఇంకో తేడా కూడా గమనించాలి. అతికించింది బక్సినేటర్‌కు కాబట్టి, నవ్వకపోయినా స్ట్రాతో తాగుతున్నప్పుడో, నములుతున్నప్పుడో కొందరికి సొట్ట పడుతుంది. ఇది సర్జరీ చెడిపోయిందనడానికి గుర్తు కాదు. ఈ పద్ధతికి ఉన్న పరిమితి.

మరి ‘శాశ్వతం’ అంటే?

శాశ్వతంగా ఉండేది మచ్చ. సొట్ట ఎలా కనిపిస్తుందన్నది మాత్రం దానితోపాటు స్థిరంగా ఉండదు. అతుకు సరిగా పట్టకముందే దారం చర్మాన్ని కోసుకుని జారితే సొట్ట కొన్ని వారాల్లోనే మాయమవుతుంది. అతుకు పట్టినా, బరువు పెరిగినా తగ్గినా బుగ్గలో కొవ్వు మారి సొట్ట లోతు మారవచ్చు. వయసుతో బుగ్గ కిందికి జారుతుంది, కానీ అతికిన చోటు దానితోపాటు అంత స్వేచ్ఛగా జారలేదు.

వద్దనుకుంటే తీసేయవచ్చా అన్న ప్రశ్నకు జవాబు సమయాన్ని బట్టి ఉంటుంది. మొదటి రోజుల్లో, మచ్చ ఇంకా ఏర్పడకముందు, కుట్టు కోసేస్తే చర్మం చాలావరకు పూర్వ స్థితికి వస్తుంది. నెలలు గడిచాక కుట్టు తీయడం ఒక్కటే చాలదు. మళ్లీ నోటి లోపలి నుంచి వెళ్లి మచ్చను విడదీయాలి, మళ్లీ అతుక్కోకుండా మధ్యలో కొవ్వు లాంటిది పెట్టాల్సి రావచ్చు. తీసేసిన కండరం తిరిగి పెరగదు. అందువల్ల పూర్తిగా మునుపటి బుగ్గ వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మన ఉదాహరణలోని యువతి విషయంలో, వాడింది కరిగే దారమైతే మచ్చ మెత్తబడే దాకా ఇంకొన్ని నెలలు ఆగడమే ముందు చేయాల్సిన పని. కరగనిదైతే దాన్ని తీయించడం గురించి ముందే ఆలోచించాలి.

వేచి చూడకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. వాపు తగ్గాల్సింది పోయి పెరగడం, చీము, జ్వరం, పై పెదవి ఒక వైపు సరిగా కదలకపోవడం, తినేటప్పుడు బుగ్గ ఉబ్బి నొప్పి పుట్టడం. చివరిది లాలాజల నాళానికి సంబంధించినది కావచ్చు. పెరోటిడ్ గ్రంథి నుంచి వచ్చే ఈ నాళం పైవరుస రెండో దవడ పన్నుకు ఎదురుగా నోట్లోకి తెరుచుకుంటుంది. పంచ్ పెట్టే ముందు సర్జన్ ఆ రంధ్రాన్ని వెతికి, దానికి ముందువైపునే పని చేయాలి. ముఖ నరం కొమ్మలు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి.

ఫొటోల్లో ఏం చూడాలి?

‘ముందు’ ఫొటోలో మామూలు ముఖం, ‘తర్వాత’ ఫొటోలో నవ్వు ముఖం పెడితే అసలు సంగతి తెలియదు. సర్జరీ రోజే తీసిన ఫొటో కూడా ఏమీ చెప్పదు, ఆ రోజు ఎవరికైనా గుంట ఉంటుంది. అడగాల్సింది కనీసం ఆరు నెలల తర్వాత, ఒకే వెలుతురులో, ఒకే మనిషిని నవ్వినప్పుడూ నవ్వనప్పుడూ తీసిన జత. దాంతోపాటు ఏ దారం వాడతారో, కండరం ఎంత తీస్తారో, నవ్వకపోయినా గుంట నిలిచిపోతే ఎన్ని నెలలకు, ఏం చేస్తారో ముందే కాగితం మీద రాయించుకోవాలి. నవ్వు ముఖం ఎలా ఉంటుందో క్లినిక్‌లు చూపిస్తాయి. రోజులో ఎక్కువసేపు మనిషికి ఉండేది నవ్వని ముఖం. దాని ఫొటో అడిగి తీసుకోవాలి.