మూడు వేలతో ప్రకటన పరీక్ష

రాజమండ్రిలో ఇంట్లోనే ఆవకాయ పెట్టి, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునే ఒకావిడ ఉన్నారనుకుందాం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు ఆవిడ కేటాయించగలిగింది 3,000 రూపాయలు. చేతిలో రెండు ప్రకటనలున్నాయి. ఒకటి లేబుల్ అంటించిన సీసా ఫొటో. రెండోది చిన్న వీడియో: బేసిన్‌లో మామిడి ముక్కల మీద ఆవపిండి, కారం పడటం, నువ్వుల నూనె పోసి చేత్తో కలపడం. ఏది ఎక్కువమందిని రప్పిస్తుందో తేల్చాలి.

చాలామంది రెండింటినీ ఒకే యాడ్ సెట్‌లో పెట్టి వదిలేస్తారు. అది పరీక్ష కాదు. మొదట్లో ఏ ప్రకటనకు నాలుగు స్పందనలు ఎక్కువొస్తే సిస్టమ్ డబ్బంతా దాని వైపే మళ్లిస్తుంది. రెండోదానికి తనేంటో చూపించుకునే అవకాశమే రాదు. యాడ్స్ మేనేజర్‌లో A/B test అని విడిగా ఒక సదుపాయం ఉంది. అది జనాన్ని లాటరీ పద్ధతిలో రెండుగా విడగొడుతుంది. ఒక మనిషికి రెండింటిలో ఒకటే కనిపిస్తుంది. ఊళ్లు, వయసులు, తేదీలు ఒకటిగానే ఉంచి, ఒక్కోదానికి 1,500 చొప్పున ఏడు రోజులకు పెట్టాలి. ఆదివారం ఫోన్ చూసే తీరు వేరు, మంగళవారం తీరు వేరు. అందుకే వారం పూర్తిగా నడవాలి.

ఏం లెక్కపెట్టాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి. లైకులు వద్దు. నూనె పోసే వీడియోకు లైకులు ఎలాగూ వస్తాయి, వాటితో సీసాలు కదలవు. ఆర్డర్లు లెక్కపెడితే మేలే గానీ, ఇంత తక్కువ డబ్బుకు అవి మరీ కొద్దిగానే వస్తాయి. వాట్సాప్‌లో మొదలైన సంభాషణలు లెక్కపెట్టడం మధ్యేమార్గం.

రెండో రోజు సాయంత్రానికి వీడియోకు 14 మెసేజీలు, ఫొటోకు 8 వచ్చాయనుకోండి. దాదాపు రెట్టింపు! ఫొటో ఆపేద్దామనిపిస్తుంది. ఆగండి. రెండు అంకెలనూ కలిపితే 22. దాని వర్గమూలం సుమారు 4.7, రెట్టిస్తే 9.4. రెండు ప్రకటనల మధ్య తేడా ఆ 9.4ను దాటితేనే నమ్మాలి. ఇక్కడ తేడా 6 మాత్రమే. నాణేన్ని 22 సార్లు ఎగరేసినా, నూటికి సుమారు 29 సార్లు బొమ్మకూ బొరుసుకూ మధ్య ఇంత తేడా, లేదా ఇంతకంటే ఎక్కువ వస్తుంది. అంటే ఒకే ఫొటోను రెండు ప్రకటనలుగా పెట్టినా 14, 8 రావచ్చు.

వారం ముగిసేసరికి వీడియోకు 52, ఫొటోకు 31 వచ్చాయి. మొత్తం 83, వర్గమూలం 9.1, రెట్టిస్తే 18.2. తేడా 21. ఇప్పుడు వీడియో గెలిచిందనవచ్చు. రెండు ప్రకటనలూ నిజానికి సమానమే అయితే ఇలా గీత దాటడం నూటికి అయిదు సార్లకు మించి జరగదు.

అయితే ఈ గీతను చివర్లో ఒక్కసారి చూసినప్పుడే ఆ హామీ నిలుస్తుంది. మధ్యమధ్యలో అయిదు సార్లు చూసి, దాటిన మొదటిసారే ఆపేస్తే, పొరపాటు అవకాశం నూటికి 5 నుంచి 14కు పెరుగుతుంది. రోజూ ఫోన్ తెరిచి చూడకుండా ఉండలేరు, నిజమే. చూడండి, కానీ ఆపకండి.

ఒకవేళ 45, 38 వచ్చి ఉంటే? తేడా 7, గీత 18. రెండూ ఒకటేనని తేలినట్టు కాదు, ఈ డబ్బుకు తేల్చలేకపోయామని మాత్రమే అర్థం. వంద మెసేజీలు తెచ్చే బడ్జెట్‌తో కనీసం 60, 40 అంత తేడా ఉంటేనే పట్టుకోగలం. ఒక ప్రకటన రెండోదాని కంటే పది శాతమే మెరుగైతే, అది తేలడానికి సుమారు 1,760 మెసేజీలైనా కావాలి. పై ఖర్చు లెక్కన అది 60,000 రూపాయలు దాటుతుంది. కాబట్టి అక్షరాల రంగు, ఒక మాట అటూఇటూ మార్చడం లాంటివి చిన్న బడ్జెట్‌తో పరీక్షించి ప్రయోజనం లేదు. ఫొటోనా వీడియోనా, ధర చూపించాలా వద్దా లాంటి పెద్ద తేడాలనే ఎంచుకోవాలి.

గెలిచినదాని అంకెలను కూడా కాస్త తగ్గించి చూసుకోవాలి. మెసేజీకి 29 రూపాయలే పడిందని మురిసిపోయి వచ్చే నెల లెక్కంతా దాని మీదే వేసుకోకండి. గెలుపులో కొంత అదృష్టం కలిసే ఉంటుంది, మళ్లీ నడిపితే ఖర్చు సాధారణంగా పెరుగుతుంది. ఆ 52 మందిలో ఎందరు డబ్బు పంపారో కూడా చూడాలి. రేటు అడిగి వెళ్లిపోయేవాళ్లనే వీడియో ఎక్కువగా తెస్తుంటే దాని గెలుపు వ్యాపారానికి పనికిరాదు. ఈసారి పబ్లిష్ నొక్కేముందు ఏం లెక్కపెడతారో, ఏ తేదీన చూస్తారో, ఎంత తేడా వస్తే నమ్ముతారో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.