చిటికెన వేలు అందకపోతే ముందు కుర్చీ చూడండి

చెల్లో మొదలుపెట్టిన పిల్లల ఇళ్లలో కొన్ని వారాలకే ఒక ఫిర్యాదు వినిపిస్తుంది: చిటికెన వేలు అందడం లేదు, ఆ వేలితో వాయించే స్వరం ప్రతిసారీ కాస్త తగ్గి పలుకుతోంది. వేలికి బలం చాలడం లేదనుకుని రబ్బరు బంతి పిసికిస్తుంటారు. ఆ బంతి పక్కన పెట్టి పిల్ల కూర్చున్న కుర్చీ చూడటం మంచిది. చెల్లో విషయంలో ఎడమచేతి తప్పు చాలాసార్లు ఎడమచేతిలో ఉండదు. కుర్చీలో మొదలై, వాయిద్యం అడుగున ఉండే ఇనుప చువ్వ మీదుగా వేళ్ల దాకా వస్తుంది.

ఆ చువ్వను ఎండ్‌పిన్ అంటారు. చెల్లో బరువు నేల మీద ఆనేది దాని కొన మీదే. ఒకప్పుడు ఇది వాడుకలో లేదు, వాద్యకారులు చెల్లోను పిక్కల మధ్య ఇరికించి పట్టుకునేవారు. 19వ శతాబ్దంలో దీన్ని వాడుకలోకి తెచ్చిన ఘనత ఎక్కువగా బెల్జియం విద్వాంసుడు సెర్వైకి ఇస్తారు. ఆయన వాయించిన స్ట్రాడివారి చెల్లో మామూలు కంటే పెద్దది, పిక్కలతో పట్టుకోవడం తేలికేమీ కాదు.

తొమ్మిదేళ్ల పాప, హాఫ్ సైజు చెల్లో అనుకుందాం. (హాఫ్ అన్నారని పెద్ద చెల్లోలో సగం ఉంటుందనుకోవద్దు. పెద్దదాని తీగ పొడవు సుమారు 69 సెంటీమీటర్లయితే దీనిది 58 దాకా ఉంటుంది.) ఇంట్లో భోజనాల బల్ల కుర్చీ ఎత్తు 45 సెంటీమీటర్లు. నేల నుంచి పాప మోకాలి మడత వరకు 35. కాళ్లు వేలాడతాయి, కాబట్టి వెనక్కి జారి వీపు ఆనిస్తుంది. ప్లాస్టిక్ కుర్చీ అయితే ఇంకా కష్టం. దాని సీటు వెనక్కి వాలి ఉంటుంది, చేతులు మోచేతికి అడ్డు వస్తాయి. కావలసింది 35 సెంటీమీటర్ల ఎత్తున్న, చదునైన స్టూలు. పాప దాని ముందు సగంలోనే కూర్చోవాలి. పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి. చెల్లో లేకుండానే ఒకసారి కూర్చున్నచోటు నుంచి లేవమనండి. ముందుకు ఊగకుండా, చేతులు ఆనించకుండా లేవగలిగితే కూర్చున్న తీరు సరిగ్గా ఉన్నట్టే.

ఇప్పుడు చెల్లో. అది ఛాతీ ఎముకకు, రెండు మోకాళ్ల లోపలి వైపుకు, నేలకు ఆని నిలబడాలి. చేతులు దాన్ని మోయకూడదు. మెడ చివరి చుట్ట పాప తలకు ఎడమ పక్కగా వెళ్తుంది. అన్నిటికంటే మందమైన సి తీగ బిరడ ఎడమ చెవి వెనకగా ఉండాలి. ఎండ్‌పిన్ పొడవు తేల్చేది ఈ గుర్తులే. వయసును బట్టి ఇన్ని సెంటీమీటర్లని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒకే వయసున్న ఇద్దరు పిల్లల కాళ్ల పొడవు, నడుము పైభాగం పొడవు ఒకటి కావు.

ఎండ్‌పిన్ పొట్టిగా ఉంటే చెల్లో కిందికి దిగిపోతుంది. బిరడ మెడకో భుజానికో గుచ్చుకుంటుంది. పాప వాయిద్యం మీదికి వంగుతుంది. ఎ తీగ మీద కమాను వేసినప్పుడు దాని కొస ఎడమ మోకాలికి తగులుతుంది. మన కథకు ముఖ్యమైనది మరొకటి. ఎడమ మోచేయి పక్కటెముకలకు అతుక్కుపోతుంది, మణికట్టు మడతపడుతుంది, వేళ్లు వయొలిన్ మీద లాగా ఏటవాలుగా తిరుగుతాయి. అలా తిరిగిన చేతిలో చిటికెన వేలు తీగకు అందనంత దూరం జరుగుతుంది. అందకపోవడం అక్కడే మొదలవుతుంది.

మరీ పొడవుగా లాగితే చెల్లో మోకాళ్ల పట్టు నుంచి పైకి లేస్తుంది, భుజాలు చెవుల వైపు లేస్తాయి. కనుక ఒక్కసారే ఎక్కువ లాగకుండా, సెంటీమీటరు చొప్పున మార్చి ప్రతిసారీ కమానుతో నాలుగు తీగలూ వాయించి చూడాలి. సరిపడిన చోట చువ్వ మీద టేపు ముక్క చుట్టండి. టైల్స్ నేల మీద ఎండ్‌పిన్ కొన జారుతుంది, రబ్బరు తొడుగు కూడా పూర్తిగా ఆపలేదు. కుర్చీ కాలికి తగిలించే పట్టీ ఒకటి దొరుకుతుంది, దాని మరో చివరనున్న గుంతలో కొన పెట్టాలి. వాయిద్యం జారుతున్నంతసేపూ పాప దాన్ని ఎడమచేత్తో పట్టి ఆపుతూనే ఉంటుంది. ఆ చేతికి వేళ్లు వేసే స్వేచ్ఛ ఉండదు.

ఇవన్నీ అమరాకే వేళ్ల సంగతి. వయొలిన్ మీద పక్కపక్క వేళ్ల మధ్య ఎక్కువసార్లు రెండు స్వరస్థానాల దూరం ఉంటుంది. చెల్లో తీగ పొడవు కాబట్టి మొదటి పొజిషన్‌లో వేలికీ వేలికీ మధ్య ఒక్క స్వరస్థానమే. సంగీతం తెలిసిన ఇంటివాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఖాళీ తీగను షడ్జమం అనుకుంటే చూపుడువేలు చతుశ్రుతి రిషభం, మధ్యవేలు సాధారణ గాంధారం, ఉంగరంవేలు అంతర గాంధారం, చిటికెన వేలు శుద్ధ మధ్యమం. ఈ నాలుగు వేళ్లూ తమ దూరాలు తప్పకుండా ఒకే అమరికలో నిలబడటాన్నే ఎడమచేతి ఫ్రేమ్ అంటారు.

ఈ దూరాలను టేపుతో కొలిచి చూసుకోవచ్చు. తీగ ఫింగర్‌బోర్డ్ మీదికి దిగే పై అంచు నుంచి బ్రిడ్జి వరకు కొలవండి. మన పాప చెల్లోలో అది 58. అందులో తొమ్మిదో వంతు దగ్గర, అంటే పై అంచు నుంచి ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర చూపుడువేలు. నాలుగో వంతు దగ్గర, అంటే పద్నాలుగున్నర దగ్గర చిటికెన వేలు. రెంటి మధ్య ఎనిమిది. పెద్ద చెల్లో మీద ఇదే దూరం పది సెంటీమీటర్లకు దగ్గరగా వస్తుంది. ఆ రెండు చోట్లా సన్నని టేపు అంటించి, చెవితో సరిచూసుకుని కాస్త అటూ ఇటూ జరపాలి.

చేతి ఆకారం ఎలా రావాలి? చేయి పక్కన వదులుగా వేలాడనివ్వమని, వేళ్ల వంపు చెదరకుండా అలాగే పైకెత్తి తీగ మీద పెట్టమని చెప్పాలి. బొటనవేలు చెల్లో మెడ వెనక, మధ్యవేలికి ఎదురుగా, ఊరికే ఆని ఉంటుంది. చిటికెన వేలు వేసినప్పుడు మిగతా మూడూ తీగ మీదే ఉండాలి. అప్పుడు చేయంతటి బరువూ ఆ చిన్నవేలికి సాయపడుతుంది, అది ఒంటరిగా నొక్కనక్కర్లేదు. ఒక పరీక్ష ఉంది. పాప వాయిస్తుండగా బొటనవేలిని ఒక్క క్షణం మెడ నుంచి తీయమనండి. స్వరం నిలబడితే చేయి బరువుతో వాయిస్తున్నట్టు. ఆగిపోతే ఇంతసేపూ పట్టకారులా నొక్కి పట్టుకున్నట్టు. చిటికెన వేలి చివరి కణుపు లోపలికి కూలుతోందేమో కూడా చూడండి. కూలుతుంటే మోచేతిని కాస్త ముందుకు తెస్తే చాలాసార్లు అదే నిలబడుతుంది.

చూపుడువేలిని వెనక్కి చాచి ఫ్రేమును వెడల్పు చేసే పద్ధతి ఒకటుంది. ఈ మామూలు అమరిక కుదురుకునే వరకు పిల్లల చేత దాన్ని చేయించకపోవడమే మేలని నా అభిప్రాయం.

అన్నీ సరిచేశాక కూడా ఆ ఎనిమిది సెంటీమీటర్లు నొప్పి లేకుండా అందకపోతే చెల్లో పెద్దదైపోయిందని అర్థం. స్కూలు యూనిఫాం లాగా ఎదుగుతారు కదా అని పెద్ద సైజు కొనకండి. పావు సైజుకు దిగడం చిన్నతనం కాదు. అమెరికాలో బడి ఆర్కెస్ట్రాలో చెల్లో ఎంచుకునే మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. బడి కుర్చీ ఎత్తు వేరు, ఇంటి కుర్చీ ఎత్తు వేరు. అలాంటప్పుడు ఎండ్‌పిన్ మీద రెండు రంగుల టేపులతో రెండు గుర్తులు పెట్టండి. పిల్లలు పొడవు పెరిగినప్పుడల్లా స్టూలు ఎత్తు, ఎండ్‌పిన్ గుర్తు రెండూ మళ్లీ చూడాలి. మూడు నెలలకోసారి చూస్తే సరిపోతుంది.