అమ్మ ఖాతాలో ఎంత పడుతుంది?

దుబాయ్ ఎక్స్ఛేంజ్ కౌంటర్లో వెయ్యి దిర్హామ్‌లు కట్టి బయటికొచ్చిన జగిత్యాల కుర్రాడికి మెసేజ్ వచ్చిందనుకుందాం: "మీ ట్రాన్సాక్షన్ బుక్ అయింది. రేటు 22.80. చార్జీలు, పన్ను వర్తిస్తాయి." అతను వెయ్యిని 22.80తో హెచ్చవేసి, ఇరవై రెండు వేల ఎనిమిది వందలు వస్తాయని ఇంటికి ఫోన్ చేస్తాడు. డబ్బు పడ్డాక తల్లి అడుగుతుంది: "ఐదొందల దాకా తక్కువ పడ్డయేంది బిడ్డా?"

మెసేజ్‌లో అబద్ధం లేదు. ఫీజు 20 దిర్హామ్‌లు, దానిమీద అక్కడి 5 శాతం వ్యాట్ ఒక దిర్హామ్. ఆ 21 అతనిచ్చిన వెయ్యిలోంచే పోయాయి. రూపాయల్లోకి మారింది 979 మాత్రమే. (ఈ రేట్లు, ఫీజులు లెక్క కోసం తీసుకున్నవి, అసలువి రోజూ, సంస్థను బట్టీ మారతాయి.) అదే 21 విడిగా కట్టి ఉంటే తల్లికి 22,800 చేరేవి. చార్జీ లోపలా, పైనా? "వర్తిస్తాయి" అన్న మాట సరిగ్గా అక్కడే నోరు మూసుకుంది.

ఏజెంటు ఇలా రాస్తే సరిపోయేది:

"మీ అమ్మగారి ఖాతాలో పడేది: 22,321 రూపాయల 20 పైసలు.
మీరు ఇచ్చింది 1,000 దిర్హామ్‌లు. అందులో ఫీజు, వ్యాట్ కలిపి 21.
మిగిలిన 979 దిర్హామ్‌లను ఒక్కోటి 22.80 రూపాయల చొప్పున మార్చాం."

అందేది ముందు, లెక్క తర్వాత. ఇంటివాళ్లు అడిగేది మొదటి వాక్యమే. అమెరికాలో 2013 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, డబ్బు కట్టకముందే రేటు, ఫీజులతో పాటు అవతలివారికి అందే మొత్తాన్నీ చూపించాలి. అయితే దారిలో వేరే బ్యాంకు ఏదైనా కోత పెట్టే అవకాశం ఉంటే "పడేది" అని ఏజెంటు ఖాయంగా రాయకూడదు. ఆ సంగతి కూడా ఒక వాక్యంలో చెప్పాలి.

ఇక "ఫీజు లేదు" అనే మెసేజ్. ఇది ఇంకా చిక్కు, ఎందుకంటే కోత రేటులో దాక్కుంటుంది. ఆరోజు మార్కెట్లో దిర్హామ్ 23 రూపాయలు ఉందనుకోండి. మన కుర్రాడి ఏజెంటు ఒక్కో దిర్హామ్‌కి 20 పైసలు మిగుల్చుకున్నాడు. పక్క కౌంటర్ ఫీజు వద్దంటూ 22.30 ఇస్తే, మిగుల్చుకునేది 70 పైసలు. వెయ్యి దిర్హామ్‌లకు అక్కడ వచ్చేది 22,300. ఫీజు కట్టిన దానికంటే 21 రూపాయలు తక్కువే.

అలాగని ఫీజు లేని కౌంటర్‌ని తీసిపారేయనక్కర్లేదు. పంపేది 500 దిర్హామ్‌లే అయితే అక్కడ 11,150 రూపాయలు వస్తాయి. ఫీజు తీసుకునే చోట, 21 పోగా మిగిలిన 479కి 10,921 మాత్రమే.