5.56 వచ్చింది సరే, 5.56 ఏంటి? రైలు లెక్కలో యూనిట్లు

వర్క్‌షీట్ పక్కన పెట్టుకుని నాలుగో లెక్క చూడండి. 180 మీటర్ల పొడవున్న రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. 120 మీటర్ల ప్లాట్‌ఫామ్‌ని పూర్తిగా దాటడానికి ఎంత టైమ్ పడుతుంది?

ఇంజిన్ ముందు భాగం ప్లాట్‌ఫామ్ మొదట్లోకి రాగానే టైమ్ మొదలు. చివరి బోగీ వెనక భాగం అవతలి అంచు దాటగానే టైమ్ అయిపోయింది. ఈలోపు రైలు ముందుకి జరిగిన దూరం 180 m + 120 m = 300 m.

కాలం అంటే దూరం బై వేగం. ఇక్కడ చాలామంది 300ని 54తో భాగించేసి, పక్కన "సెకన్లు" అని రాసేస్తారు. ఆ సెకన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ? అంకెలతో పాటు యూనిట్లనీ భాగించండి:

300 m ÷ 54 km/h = 5.56 m·h/km

మీటరు, గంట, కిలోమీటరు మూడూ మిగిలిపోయాయి. సెకను ఎక్కడా లేదు. లెక్క సగంలోనే ఆగిందని ఆ యూనిట్టే చెప్తోంది. అందుకే ముందు వేగాన్ని మారుద్దాం:

54 km/h × (1000 m / 1 km) × (1 h / 3600 s) = 15 m/s

పైన km, కింద km కొట్టేయండి. కింద h, పైన h కొట్టేయండి. మిగిలింది m/s. 5/18తో గుణించాలా, 18/5తోనా అని పరీక్ష హాల్లో తడబడతారు కదా, ఇలా రాస్తే ఆ గొడవే లేదు. పొరపాటున 1 km / 1000 m అని తిరగేసి రాస్తే పైన km రెండుసార్లు వస్తుంది, కింద m ఉండిపోతుంది. km కొట్టుకుపోదు, తప్పు అక్కడే దొరుకుతుంది.

300 m ÷ 15 m/s = 20 s

m పోయింది, కిందున్న s పైకొచ్చింది. జవాబు 20 సెకన్లు.

అయితే యూనిట్లు అన్ని తప్పుల్నీ పట్టవు. ప్లాట్‌ఫామ్ మర్చిపోయి 180 m ÷ 15 m/s చేస్తే 12 s వస్తుంది. యూనిట్ చక్కగా ఉంది, జవాబు మాత్రం తప్పు. నిజానికి అది రైలు ఒక కరెంటు స్తంభాన్ని దాటే టైమ్. దీనికి మందు ఒక్కటే, లెక్క మొదలుపెట్టే ముందు పెన్సిల్‌తో చిన్న బొమ్మ గీసుకోవడం.

అయిదో లెక్కలో బస్సు 90 కిలోమీటర్లు 2 గంటల 15 నిమిషాల్లో వెళ్లింది. దాన్ని 2.15 h అని రాయకండి. 15 min × (1 h / 60 min) = 0.25 h, అంటే మొత్తం 2.25 h. 90 km ÷ 2.25 h = 40 km/h. అదే 2.15 పెడితే దాదాపు 41.9 వస్తుంది. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు.