దెకార్త్ వాదనకు బృహన్నల పరీక్ష

తత్త్వశాస్త్రం పాఠంలో తరచూ కనిపించే స్లైడ్ ఒకటుంది. దాని మీద ఉండేవి మూడే వాక్యాలు. పైన రెండు ఆధార వాక్యాలు, వాటి కింద ఒక గీత, గీత కింద ముగింపు.

1. నా శరీరం నిజంగా ఉందా అని నేను సందేహించగలను.
2. నేను ఉన్నానా అని నేను సందేహించలేను.
కాబట్టి, నేను వేరు, నా శరీరం వేరు.

ఫ్రెంచి తత్త్వవేత్త రెనె దెకార్త్ 1637లో అచ్చువేసిన గ్రంథంలో, పద్ధతి గురించి రాసిన ఆ ప్రసిద్ధ ప్రసంగంలో, నాలుగో భాగం చదివినవాళ్లు ఆయన ఆలోచనను ఇలా మూడు ముక్కల్లోకి కుదిస్తుంటారు. కల కంటున్నానేమో, నన్ను ఎవరో మోసం చేస్తున్నారేమో అనుకుంటే కాళ్లూ చేతులూ కూడా భ్రమే కావచ్చు. కానీ సందేహిస్తున్న 'నేను' లేను అనుకోవడం కుదరదు, ఎందుకంటే సందేహించడానికైనా నేను ఉండాలి. ఇక్కడిదాకా బాగానే ఉంది. స్లైడ్ చూసిన విద్యార్థుల్లో సగంమంది తలూపుతారు. మిగతా సగం "ఆత్మ లేదు, ఇదంతా తప్పు" అంటారు. నా దృష్టిలో ఇద్దరూ స్లైడ్ అడుగుతున్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

వాదన చెల్లుతుందా అని అడగడమంటే ముగింపు నిజమా అని అడగడం కాదు. ఆధార వాక్యాలు నిజమా అనీ కాదు. అవి రెండూ నిజమై ఉండి, ముగింపు మాత్రం అబద్ధమయ్యే పరిస్థితి ఏదైనా సాధ్యమా అన్నదే ప్రశ్న. సాధ్యం కాకపోతే వాదన చెల్లుతుంది. సాధ్యమైతే, ముగింపు మనకు ఎంత నచ్చినా, చెల్లదు. "నదులన్నీ పడమటికి పారతాయి, గోదావరి నది, కాబట్టి గోదావరి పడమటికి పారుతుంది" అన్న వాదన చెల్లుతుంది. అందులో మొదటి వాక్యమూ ముగింపూ అబద్ధాలే, అయినా పై రెంటినీ ఒప్పుకున్నవాడు మూడోదాన్ని కాదనలేడు. "గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది, కృష్ణ బంగాళాఖాతంలో కలుస్తుంది, కాబట్టి రెండూ మహారాష్ట్రలో పుట్టాయి" అన్నది చూడండి. మూడూ నిజాలే, అయినా వాదన చెల్లదు. మహానది కూడా ఆ సముద్రంలోనే కలుస్తుంది, అది పుట్టింది ఛత్తీస్‌గఢ్‌లో.

మహానదిని తెచ్చి చేసిన ఆ పనే తత్త్వశాస్త్రంలో మామూలు పరీక్ష. వాదన ఆకారాన్ని అలాగే ఉంచి లోపలి పేర్లు మారుస్తాం. అదే ఆకారంలో ఆధార వాక్యాలు నిస్సందేహంగా నిజమై, ముగింపు నిస్సందేహంగా అబద్ధమైన ఇంకో వాదన దొరికితే అసలు వాదన ఆ ఆకారం బలంతో నిలబడలేదని తేలిపోతుంది. ఆకారాన్ని పట్టుకోవడంలోనే నేర్పు ఉంది. ఒక్కో వాక్యాన్ని మొత్తంగా ఒక్కో అక్షరంతో p, q, r అని రాసేస్తే, "p, q, కాబట్టి r" అన్నదే మిగులుతుంది. ఆ ఆకారంలో పెడితే గోదావరి గురించి చెప్పిన మంచి వాదన కూడా చెల్లనిదిగానే కనిపిస్తుంది. వాక్యాల లోపలికి వెళ్లాలి.

దెకార్త్ స్లైడ్ లోపలికి వెళ్తే కనిపించేది ఇది: మొదటి వస్తువు విషయంలో ఒక మాట నిజం, రెండో వస్తువు విషయంలో అదే మాట నిజం కాదు, కాబట్టి అవి రెండు వేర్వేరు వస్తువులు. ఇలా చూస్తే వాదన గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒకే వస్తువైతే దాని లక్షణాలన్నీ ఒకటే అయి ఉండాలి కదా. లైబ్నిజ్ పేరుతో చెప్పుకునే ఈ సూత్రాన్ని తప్పుపట్టడం కష్టం. నేరం జరిగిన రాత్రి దొంగ విజయవాడలో ఉన్నాడు, ఈ మనిషి ఆ రాత్రి హైదరాబాదు వదల్లేదు అని తేలితే, ఈ మనిషి ఆ దొంగ కాడు. కోర్టులు రోజూ నమ్మే తర్కం ఇదే.

ఇప్పుడు పేర్లు మారుద్దాం. విరాటపర్వంలో ఉత్తరుడు యుద్ధానికి బయలుదేరే ముందటి ఘట్టం తీసుకోండి. చెల్లెలికి నాట్యం నేర్పే బృహన్నల అతనికి బాగా తెలుసు. ఆమె తమ నగరంలో ఉందా లేదా అన్న సందేహం అతనికి రాదు, కళ్లెదుటే ఉంది. జూదంలో ఓడి అడవుల పాలైన అర్జునుడు ఇప్పుడు ఎక్కడున్నాడో అతనికి తెలియదు. విరాటనగరంలో ఉన్నాడా అని అడిగితే కచ్చితంగా సందేహిస్తాడు.

1. అర్జునుడు విరాటనగరంలో ఉన్నాడా అని ఉత్తరుడు సందేహించగలడు.
2. బృహన్నల విరాటనగరంలో ఉందా అని ఉత్తరుడు సందేహించలేడు.
కాబట్టి, బృహన్నల వేరు, అర్జునుడు వేరు.

రెండు ఆధార వాక్యాలూ నిజం. ముగింపు అబద్ధమని జమ్మిచెట్టు దగ్గర ఉత్తరుడికే తెలిసింది. దెకార్త్ స్లైడ్‌కూ దీనికీ ఆకారంలో తేడా లేదు. కాబట్టి ఆ స్లైడ్ మీది వాదన, ఉన్నది ఉన్నట్టుగా, చెల్లదు. దీనర్థం శరీరమూ నేనూ ఒకటే అని కాదు. వేరే కూడా కావచ్చు. ఈ మూడు వాక్యాలు మాత్రం ఆ సంగతిని నిరూపించలేదు.

ఈ పరీక్ష కొత్తది కాదు. ముసుగు వేసుకున్న మనిషిని గుర్తుపట్టలేకపోవడం మీద ఇలాంటి చిక్కుప్రశ్న క్రీ.పూ. నాలుగో శతాబ్దపు గ్రీకు తార్కికుడు యూబులిడిస్ పేరుతోనే ఉంది. దెకార్త్ 1641లో 'మెడిటేషన్స్' వెలువరించినప్పుడు ఇంకా ముప్పై నిండని ఆంత్వాన్ ఆర్నో దాదాపు ఇదే ఎత్తిచూపాడు. అతను పురాణం బదులు రేఖాగణితం ఎంచుకున్నాడు. అర్ధవృత్తంలో గీసిన త్రిభుజం లంబకోణ త్రిభుజమని ఒకడికి నిశ్చయంగా తెలుసు. కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానమన్నది మాత్రం వాడు సందేహిస్తున్నాడు, కాదని కూడా అనుకుంటున్నాడు. అంతమాత్రాన ఆ లక్షణం ఆ త్రిభుజానికి లేకుండా పోతుందా? తనతో ఏకీభవించనివాడికి ఆర్నో ఇచ్చిన ఈ జవాబు ఎంతో మర్యాదగా ఉంటుంది, తప్పించుకోవడానికి వీలివ్వదు.

మరి లైబ్నిజ్ సూత్రం ఎక్కడ బెసికింది? సూత్రం బెసకలేదు. మనం దానికి అందించిన సరుకు లక్షణం కాదు. "హైదరాబాదులో ఉన్నాడు" అన్నది మనిషి గురించిన మాట. అతన్ని ఏ పేరుతో పిలిచినా అది మారదు. "ఉత్తరుడు సందేహించగలడు" అన్నది అర్జునుడి గురించినది కాదు, ఉత్తరుడి మనసులో అర్జునుడు ఏ పేరుతో ఏ రూపంలో ఉన్నాడన్న దాని గురించినది. ఈ తేడా కనిపెట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. వాక్యంలో పేరు తీసేసి అదే వ్యక్తికున్న ఇంకో పేరు పెట్టండి. "అర్జునుడు గాండీవధారి" అనేది నిజమైతే "బృహన్నల గాండీవధారి" అన్నదీ నిజమే. "బృహన్నల ఇక్కడ ఉందని ఉత్తరుడికి తెలుసు" అన్నచోట బృహన్నల తీసి అర్జునుడు అని పెడితే నిజం అబద్ధమైపోతుంది. తెలుసు, నమ్ముతున్నాడు, సందేహిస్తున్నాడు, ఊహించగలడు, వెతుకుతున్నాడు వంటి క్రియలు స్లైడ్‌లో కనిపిస్తే అక్కడ ఆగి ఈ మార్పిడి చేసి చూడాలి. వేకువ చుక్క, సంధ్య చుక్క రెండూ శుక్రగ్రహమే అయినా ఒకటి తెలిసినవాడికి రెండోది తెలియకపోవచ్చన్న సంగతి మీద జర్మన్ తార్కికుడు ఫ్రేగె 1892లో రాసిన వ్యాసంతో ఆధునిక భాషాతత్త్వంలో ఒక పెద్ద అధ్యాయమే మొదలైంది.

వాదనను కాపాడదలచినవాడికి ఒక దారి ఉంది. మొదటి ఆధార వాక్యాన్ని వేరేలా చదవడం. 'శరీరం' అనే ఆలోచన గురించి కాదు, ఏ వస్తువైతే నా శరీరమో ఆ వస్తువు గురించే, దాన్ని ఏ పేరుతో తలుచుకున్నా సరే, నేను సందేహించగలను అని. అలా చదివితే వాదన చెల్లుతుంది. అయితే ఇప్పుడు ఆ వాక్యం నిజమని మనకెలా తెలుసు? నేనే నా శరీరమైతే, 'నేను' అన్న పేరుతో ఆ వస్తువును తలుచుకున్నప్పుడు సందేహించలేను కదా. నేనూ శరీరమూ ఒకటి కాదని ముందే తెలిసినవాడే ఆ వాక్యాన్ని ఒప్పుకోగలడు. ఒక అర్థంలో ఆధారం నిజం, వాదన చెల్లదు. ఇంకో అర్థంలో వాదన చెల్లుతుంది, ఆధారం ముగింపును అరువు తెచ్చుకుంటుంది. స్లైడ్ మీద ఒకే వాక్యం ఉంటుంది కాబట్టి చదివేవాడు తెలియకుండానే ఒక అర్థంలో ఒప్పుకుని ఇంకో అర్థంలో ముగింపుకు వెళ్లిపోతాడు.

రెండో దారి, దాగి ఉన్న ఆధారాన్ని బయటపెట్టి మూడో వాక్యంగా రాయడం: "ఒకదాన్ని సందేహించగలిగి రెండోదాన్ని సందేహించలేకపోతే అవి రెండూ వేరు." ఇది చేర్చగానే వాదన చెల్లుతుంది. నిజానికి ఏ చెల్లని వాదననైనా తగిన వాక్యం చేర్చి చెల్లేలా చేయవచ్చు. ఆ వాక్యానికి ఎంత ఖరీదు పడుతుందన్నదే చూడాలి. మన న్యాయశాస్త్రం ఈ విషయంలో ముందునుంచీ కచ్చితంగా ఉంది. అన్నంభట్టు 'తర్కసంగ్రహం' చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది అంటే చాలదు, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందన్న వ్యాప్తిని వంటిల్లు వంటి ఉదాహరణతో చెప్పాలి. వ్యాప్తికి ఒక్క వ్యభిచారం చూపిస్తే అనుమానం కూలుతుంది. పైన చేర్చిన మూడో వాక్యానికి బృహన్నలే ఆ వ్యభిచారం.

దెకార్త్‌కు న్యాయం చేయాలంటే ఇంకో స్లైడ్ కూడా చూడాలి. 'మెడిటేషన్స్' ఆరో భాగంలో ఆయన వేరే కారణం చెప్పాడు.

1. శరీరాన్ని భాగాలుగా విడదీయవచ్చు.
2. మనసును భాగాలుగా విడదీయలేం.
కాబట్టి, మనసు వేరు, శరీరం వేరు.

చూడ్డానికి మొదటి స్లైడ్‌కు కవల. ఇక్కడ మాత్రం బృహన్నల పని చేయదు, ఎన్ని పేర్లు మార్చినా ప్రతికూల ఉదాహరణ దొరకదు. దొరకలేదు కాబట్టి చెల్లుతుందని అనడానికీ లేదు, మనకు తట్టకపోయి ఉండవచ్చు. ఇలాంటి వాదనలన్నిటినీ యంత్రంలా తేల్చేసే ఒకే పద్ధతి ఉండదని 1936లో చర్చ్, ట్యూరింగ్ విడివిడిగా నిరూపించారు కూడా. అందుకే చెల్లుతుందని చెప్పాలంటే అడుగడుగునా చూపించాలి. మనసూ శరీరమూ ఒకటే అనుకుందాం. రెండో వాక్యం ప్రకారం మనసును విడదీయలేం, కాబట్టి దానితో ఒకటైన శరీరాన్నీ విడదీయలేం. మొదటి వాక్యం విడదీయవచ్చంటోంది. ఈ వైరుధ్యం మన అనుకోలు వల్లే వచ్చింది, కాబట్టి అవి ఒకటి కావు. 'విడదీయవచ్చు' అన్నది వస్తువు గురించిన మాట కాబట్టే పేరు మార్చి ఈ అడుగు వేయగలిగాం.

ఈ స్లైడ్ దగ్గర తర్కం పని అయిపోయింది, ఇక తగాదా అంతా రెండో ఆధార వాక్యం మీదే. పాదమో చేయో తెగిపోయినా మనసులోంచి ఏమీ తగ్గదని దెకార్త్ దానికి సమర్థన ఇచ్చాడు. ఇరవయ్యో శతాబ్దంలో మూర్ఛ తగ్గించడానికి మెదడు రెండు అర్ధభాగాల మధ్య వంతెనను కోసిన రోగులను రోజర్ స్పెర్రీ పరీక్షించాడు. ఎడమవైపు చూపించిన వస్తువు పేరు అడిగితే ఏమీ కనిపించలేదని రోగి నోటితో చెబుతాడు, అదే సమయంలో ఎడమ చెయ్యి ఆ వస్తువును తడిమి పట్టుకుంటుంది. ఆ పరిశోధనకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. అక్కడ మనసు రెండుగా చీలిందా, లేక ఒకే మనసుకు సమాచారం అందే దారి మూసుకుపోయిందా అన్నది ఇప్పటికీ తత్త్వవేత్తలు వాదించుకుంటున్న విషయం.