మొహమాటపెట్టకుండా అమ్మే విద్య

"ఇంకేమైనా కావాలా సార్?"

హైదరాబాద్‌లో ఏ ఫ్యామిలీ రెస్టారెంట్‌కు వెళ్లినా ఈ ప్రశ్న వినిపిస్తుంది. "చాలు" అన్న జవాబు వస్తుందని అడిగేవాడికీ తెలుసు. ఇలా అడగడం మర్యాదే గానీ, దానితో ఒక్క ప్లేటు కూడా అమ్ముడుపోదు. స్టార్టర్, డ్రింక్, డెజర్ట్ సూచించి అమ్మడాన్ని హోటల్ రంగంలో అప్‌సెల్లింగ్ అంటారు. కొత్త వెయిటర్లకు దీనిలో శిక్షణ ఇచ్చేటప్పుడు మొదట మాన్పించేది ఈ ప్రశ్ననే.

దాని బదులు ఏమనాలో నేర్పడం కష్టమేమీ కాదు. "స్టార్టర్స్ ఏమైనా తీసుకుంటారా?" అని గుంపుగా అడక్కుండా ఒక వంటకం పేరు చెప్పాలి. దానికి ఒక కారణం జోడించాలి. "క్రిస్పీ కార్న్ ఉందండీ, కారం తక్కువ, పిల్లలు కూడా తింటారు." ఇంతే. పేరు వినగానే ఆ తిండి కళ్ల ముందు కదులుతుంది, కారణం వినగానే అది తనకోసమే చెప్పినట్టు ఉంటుంది. కానీ ఆ కారణం నిజం కావాలంటే వెయిటర్ దాన్ని రుచి చూసి ఉండాలి. చాలా హోటళ్లలో సర్వీస్ కుర్రాళ్లు తాము వడ్డించే వంటకాల్లో సగం ఎన్నడూ తిని ఉండరు. వాళ్లలో ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చినవాళ్లు కొందరు గోంగూర పులుపు ఎలా ఉంటుందో తెలియకుండానే "చాలా బాగుంటుంది సార్" అంటుంటారు. మంచి మేనేజర్ మధ్యాహ్నం సర్వీస్ మొదలయ్యే ముందు పది, పదిహేను నిమిషాలు అందరినీ నిలబెట్టి బ్రీఫింగ్ ఇస్తాడు. ఈరోజు ఏది లేదు, ఏది బాగా కుదిరింది, ఏది ఆలస్యమవుతుంది అని చెప్పి, కొత్త వంటకం ఉంటే తలా ఒక చెంచా తినిపిస్తాడు. ఆ చెంచాకయ్యే ఖర్చును మిగులుద్దామనుకునే యజమాని అప్‌సెల్లింగ్ గురించి మాట్లాడకపోవడమే మంచిది.

మాటలకన్నా కష్టమైనది సమయం. మన బిర్యానీ రెస్టారెంట్లలో దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. బిర్యానీ అప్పటికే హండీలో దమ్ అయి సిద్ధంగా ఉంటుంది, ఆర్డర్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లో టేబుల్ మీదికి వచ్చేస్తుంది. చికెన్ 65, క్రిస్పీ కార్న్ లాంటివి మాత్రం అప్పటికప్పుడు వేయించాలి, రద్దీ వేళ పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు. రెండూ ఒకే స్లిప్పు మీద వంటింట్లోకి వెళ్తే బిర్యానీ ముందొస్తుంది, అది సగం తిన్నాక స్టార్టర్ వస్తుంది. కస్టమర్‌కు అది స్టార్టర్‌లా కాదు, అనవసరంగా అంటగట్టిన ప్లేటులా కనిపిస్తుంది. అందుకే శిక్షణలో రెండు స్లిప్పులు రాయడం నేర్పుతారు. కేఓటీ అని పిలిచే ఆ ఆర్డర్ స్లిప్పుల్లో స్టార్టర్లది వెంటనే లోపలికి వెళ్తుంది, మెయిన్ కోర్సుది కెప్టెన్ చెప్పేదాకా ఆగుతుంది. స్టార్టర్ ప్లేట్లు మూడొంతులు ఖాళీ అయ్యాక బిర్యానీ పిలవాలి. ఇది తెలియని వెయిటర్ ఎంత తీయగా మాట్లాడినా, "అంతా ఒకేసారి తెచ్చి పడేశారు" అన్న ఫిర్యాదు తప్పదు.

ఒక టేబుల్ తీసుకుని చూద్దాం. శనివారం రాత్రి, ఐదుగురు. ఒక అల్లుడు తన భార్యను, పదేళ్ల కొడుకును, అత్తమామలను భోజనానికి తీసుకొచ్చాడు. వాళ్లంతట వాళ్లు చెప్పిన ఆర్డర్ రెండు చికెన్ బిర్యానీలు, ఒక వెజ్ బిర్యానీ, ఒక పనీర్ కూర, నాలుగు బటర్ నాన్‌లు. లెక్క కోసం ధరలు వేసుకుందాం: చికెన్ బిర్యానీ 360, వెజ్ 290, పనీర్ 310, నాన్ 55. మొత్తం 1,540 రూపాయలు.

నీళ్ల దగ్గరే మొదటి పరీక్ష. "నార్మల్ వాటరా, బాటిలా?" అని అడిగి ఊరుకోవాలి. అడక్కుండా బాటిల్ మూత తిప్పి గ్లాసుల్లో పోసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ కాస్త డబ్బు కోసం చేసిన పనితో కస్టమర్ జాగ్రత్తపడతాడు, తర్వాత వెయిటర్ ఏం సూచించినా బిల్లు పెంచడానికేనన్న అనుమానం మిగులుతుంది.

ఆర్డర్ రాసుకున్నాక దాన్ని తిరిగి చదవాలి, కస్టమర్ వాడిన మాటలతోనే. నెదర్లాండ్స్‌లో పరిశోధకులు దీన్ని ఒక రెస్టారెంట్‌లో పరీక్షించి 2003లో ప్రచురించారు. ఆర్డర్‌ను అక్షరాలా తిరిగి చెప్పిన వెయిట్రెస్‌కు టిప్పు ఎక్కువ వచ్చింది. మన టేబుల్ దగ్గర దీనివల్ల ఇంకో లాభం ఉంది. చదువుతుండగానే లోటు బయటపడుతుంది. "రెండు చికెన్, ఒక వెజ్ బిర్యానీ, పనీర్, నాలుగు నాన్... తాగడానికి ఏమీ చెప్పలేదండీ. లైమ్ సోడా ఉంది, సాల్ట్‌తో కావాలంటే సాల్ట్, స్వీట్ కావాలంటే స్వీట్." ఇక్కడ డ్రింక్‌ను ఎవరో తోసినట్టు ఉండదు, మరిచిపోయినది గుర్తుచేసినట్టు ఉంటుంది. రెండు సాల్ట్, ఒక స్వీట్ అన్నారు. హోటల్‌కు ఇవి ఇష్టమైన అమ్మకాలు, ఎందుకంటే సరుకు ఖర్చు తక్కువ, స్టవ్ అక్కర్లేదు, రెండు నిమిషాల్లో టేబుల్ చేరతాయి. బార్ ఉన్నచోట ఇదే పద్ధతిని పెగ్గులకు వాడమని చెప్పే శిక్షకులు ఉంటారు. రెండో పెగ్గు సూచించకూడదని నా అభిప్రాయం, అడిగితే ఇవ్వడం వేరు.

ఆ తర్వాత స్టార్టర్. వెయిటర్ క్రిస్పీ కార్న్, చికెన్ 65 పేర్లు చెప్పాడు. అల్లుడు రెండూ తెమ్మన్నాడు. ఇక్కడ మంచి శిక్షణ పొందిన కుర్రాడు ఒక మాట కలుపుతాడు: "రెండు స్టార్టర్లు తీసుకుంటే మూడు బిర్యానీలు మిగిలిపోతాయండీ. వెజ్ బిర్యానీ ఆపనా? కావాలంటే మధ్యలో చెప్పండి, వెంటనే వస్తుంది." 290 రూపాయలు చేతులారా వదులుకున్నట్టే. కానీ ఆ క్షణం నుంచి ఆ టేబుల్ అతని మాట నమ్ముతుంది. డెజర్ట్ అమ్ముడుపోయేది ఆ నమ్మకం మీదే. కొత్తవాళ్లకు ఇది నేర్పడం చాలా కష్టం, ఎందుకంటే ఆర్డర్ తగ్గించినందుకు మేనేజర్ తిడతాడని వాళ్ల భయం.

ఇప్పుడు మొహమాటం సంగతి. అమెరికా రెస్టారెంట్ శిక్షణలో సలివన్ నాడ్ అని ఒక ప్రసిద్ధమైన చిట్కా ఉంది. జిమ్ సలివన్ అనే సలహాదారు పేరుతో వచ్చింది. వంటకం పేరు చెబుతూ నవ్వి, తల కొద్దిగా పైకీ కిందికీ ఊపితే ఎదుటివాడు కూడా తెలియకుండా ఊపుతాడని దాని సారం. మన దగ్గర దాని అవసరమే లేదు. మామగారి ముందు అల్లుడు "వద్దు" అనలేడు. ఆ సంగతి తెలిసిన వెయిటర్ నేరుగా పెద్దాయన వైపు తిరిగి "అంకుల్, అపోలో ఫిష్ తెమ్మంటారా?" అంటే పని అయిపోతుంది. పెద్దాయన అల్లుడి మొహం చూస్తాడు, అల్లుడు "తీసుకురండి" అంటాడు. ఆ సేల్ హోటల్‌ది, ఆ ఇబ్బంది ఇద్దరిది. నా దృష్టిలో సూచించడానికీ అంటగట్టడానికీ మధ్య గీత ఇక్కడే ఉంది. వద్దనడానికి ఎదుటివాడికి దారి ఉందా లేదా అన్నదే చూడాలి. అందుకే సూచన బిల్లు కట్టేవాడికో, మొత్తం టేబుల్‌కో చెప్పాలి, పిల్లాడికీ అతిథికీ కాదు. "ఏ సూప్ తెమ్మంటారు, మంచౌనా, హాట్ అండ్ సోరా?" అని అసలు వద్దనే వీలు లేకుండా అడగకూడదు. మెనూలో లేని స్పెషల్ చెప్పినప్పుడు ధర కూడా చెప్పాలి, ముఖ్యంగా సైజును బట్టి ధర మారే చేపల విషయంలో. అతిథుల ముందు ధర అడగడానికి చాలామంది సిగ్గుపడతారు, ఆ సిగ్గు మీద వ్యాపారం చేయకూడదు. ఒకసారి వద్దన్నాక అదే సూచన మళ్లీ రాకూడదు.

డెజర్ట్‌కు ఉన్న సమయం చాలా చిన్నది. మన అలవాటు ప్రకారం భోజనం కాగానే గోరువెచ్చని నీళ్లలో నిమ్మముక్క వేసి ఫింగర్ బౌల్ తెస్తారు. అది వచ్చిందంటే భోజనం ముగిసినట్టే, చేతులు కడిగినవాడు మనసులో చెప్పులేసుకుని బయల్దేరతాడు. కాబట్టి ఎంగిలి ప్లేట్లు తీసి టేబుల్ తుడిచాక, ఫింగర్ బౌల్ తేకముందే అడగాలి. కడుపు నిండినవాళ్లకు ఒక్కొక్కరికి ఒకటి అంటే భయమేస్తుంది. "ఖుబానీ కా మీఠా ఒకటి ఐస్‌క్రీమ్‌తో తెస్తాను, ఐదు స్పూన్లు ఇస్తాను" అంటే ఎవరూ బెదరరు. మన టేబుల్ ఒకటే తీసుకుంది.

లెక్క చూద్దాం. మూడు సోడాలు 270, కార్న్ 280, చికెన్ 65 340, ఖుబానీ 180. కలిపితే 1,070. వదులుకున్న వెజ్ బిర్యానీ 290 తీసేస్తే బిల్లు 2,320కి చేరింది. 5 శాతం జీఎస్టీతో 2,436. మనిషికి సగటు బిల్లు పన్ను కాకుండా 308 నుంచి 464కు పెరిగింది. హోటల్ వాళ్లు రోజూ చూసుకునే అంకె ఇదే, మనిషికి పడ్డ సగటు.

ఈ అంకెను ఒక్కదాన్నే చూసే యజమానులు దెబ్బ తింటారు. "ఈ వారం ఎవరు ఎక్కువ డెజర్ట్‌లు అమ్మితే వాళ్లకు బహుమతి" అని పోటీ పెడితే సగటు వెంటనే పెరుగుతుంది. దానితోపాటు వంటింటికి తిరిగొచ్చే ప్లేట్లలో మిగిలిపోయిన స్టార్టర్లు పెరుగుతాయి, క్యాన్సిల్ చేసిన స్లిప్పులు పెరుగుతాయి, బిల్లు దగ్గర వాదనలు పెరుగుతాయి. గిన్నెలు తోమేచోట నిలబడి పావుగంట చూస్తే, ఏ వెయిటర్ సూచిస్తున్నాడో ఏ వెయిటర్ అంటగడుతున్నాడో మేనేజర్‌కు అర్థమైపోతుంది.

తినడానికి వెళ్లేవాళ్లకూ ఒక మాట. వెయిటర్ ఏదైనా సూచిస్తే ధర ఎంత, ఎంతసేపు పడుతుంది, ఎంతమందికి సరిపోతుంది అని నిస్సంకోచంగా అడగండి. శిక్షణ పొందినవాడైతే ఆ మూడింటికీ జవాబు చెప్పగలడు. అతని సేవ నచ్చితే టిప్పు చేతికే ఇవ్వండి. బిల్లులో సర్వీస్ చార్జ్ కనిపిస్తే అది కట్టి తీరాల్సినది కాదని గుర్తుంచుకోండి. దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది.