గీత కింద ఉంటే సరిపోతుందా?

సంతోష్‌నగర్ నుంచి కాలేజీకి వెళ్లే దారిలో రోజూ కంచన్‌బాగ్ కనిపిస్తుంది. ఒకవైపు మిధాని, ఇంకోవైపు డీఎంఆర్ఎల్. టైటానియం మీద ఎంతో పని జరిగిన చోటు అది. ఆ గోడల పక్క నుంచే వెళ్లి, వైవాలో టైటానియం మీదే తప్పు చెప్పాను.

సార్ ఎల్లింగ్‌హామ్ డయాగ్రం ముందు పెట్టి, "టైటానియం ఆక్సైడ్‌ని మెగ్నీషియం క్షయకరణం చేస్తుందా?" అన్నారు. ఈ డయాగ్రంలో ప్రతి గీతా ఒక లోహం ఒక మోల్ ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఫ్రీ ఎనర్జీ ఎంత మారుతుందో, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంతో చూపిస్తుంది. గీత ఎంత కిందికి ఉంటే ఆ ఆక్సైడ్ అంత గట్టిది. కింద ఉన్న లోహం పైనున్న ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ లాక్కుంటుంది.

1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర TiO₂ గీత సుమారు −715 కిలోజౌళ్లు, MgO గీత సుమారు −920. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే:

TiO₂ + 2Mg → Ti + 2MgO, ΔG° ≈ −205 kJ

రుణాత్మకం. "చేస్తుంది సార్" అన్నాను ధీమాగా. "మరి పరిశ్రమలో అలా ఎందుకు చేయరు?" అన్నారు. నోరు పెగల్లేదు.

ఇంటికొచ్చాక అర్థమైంది. ఆ గీతలన్నీ శుద్ధమైన పదార్థాలకు గీసినవి. టైటానియం మాత్రం ఆక్సిజన్‌ని తనలో కరిగించుకుంటుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మిగిలింది ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. TiO గీతే −840 దగ్గరికి దిగుతుంది. లోహంలో కరిగిన ఆక్సిజన్ అంతకంటే కిందికి జారుతుంది. చివరికి మెగ్నీషియం గీతని అందుకోగానే పని ఆగిపోతుంది. అప్పటికింకా లోహంలో ఒక శాతం పైనే ఆక్సిజన్ మిగులుతుంది. వాడుకలో ఉన్న శుద్ధ టైటానియం గ్రేడ్లలో గరిష్ఠంగా 0.4 శాతమే ఒప్పుకుంటారు. అది దాటితే లోహం పెళుసుబారి, సాగదీయబోతే పగులుతుంది.

అందుకే క్రోల్ పద్ధతి. ముందు ఆక్సైడ్‌ని కార్బన్, క్లోరిన్‌లతో కలిపి వేడిచేసి TiCl₄గా మారుస్తారు. ఆక్సిజన్ కార్బన్‌తో వెళ్లిపోతుంది. తర్వాత ఆర్గాన్‌లో, సుమారు 800–900 డిగ్రీల దగ్గర, కరిగిన మెగ్నీషియంతో క్లోరిన్‌ని లాగేస్తారు. క్లోరిన్ టైటానియంలో దాదాపు కరగదు కాబట్టి లోహం స్పాంజిలా శుభ్రంగా మిగులుతుంది. డీఎంఆర్ఎల్ అభివృద్ధి చేసిన ఈ పద్ధతితోనే కేరళలోని చవరలో ఏటా 500 టన్నుల ప్లాంటు 2011లో మొదలైంది.

మీకూ ఆ ప్రశ్న వస్తే, గీతలు చూసి అవునో కాదో చెప్పండి. అక్కడితో ఆగకుండా, "వచ్చే లోహం ఆక్సిజన్‌ని కరిగించుకుంటుందా?" అని కూడా చూడండి. డయాగ్రంలో ఆ సంగతి ఉండదు.